పెద్ద తెర, కరిగిన అక్షరం

టీవీని కంప్యూటర్‌కు తగిలిస్తే సినిమా కనువిందు చేస్తుంది. అదే తెర మీద ఉత్తరం టైప్ చేస్తే కళ్లు లాగుతాయి. తప్పు చాలాసార్లు తెరది కాదు, బొమ్మ అక్కడికి చేరేలోగా జరిగే సాగదీతది.

విజయవాడలోనో వరంగల్‌లోనో పెళ్లిపత్రికలు, కరపత్రాలు కంపోజ్ చేసే ఓ చిన్న డీటీపీ సెంటర్‌ను ఊహించుకోండి. పాత మానిటర్ చెడిపోయింది. కొత్తది కొనేదాకా ఆగలేక యజమాని ఇంట్లోని 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీని తెచ్చి బల్ల మీద పెట్టించాడు. హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించగానే తెర వెలిగింది. రంగులు ధగధగలాడాయి. అయితే అడుగున ఉండాల్సిన టాస్క్‌బార్‌లో సగానికిపైగా కనిపించడం లేదు. కుడివైపు పైమూల ఉండే మూసివేత గుర్తు తెర దాటి వెళ్లిపోయింది. ఇవన్నీ సర్దుకుపోవచ్చు. అసలు చిక్కు ప్రూఫ్ చూసేటప్పుడు వచ్చింది. పెళ్లికూతురు పేరు ధనలక్ష్మా, దనలక్ష్మా? 'ధ' కింద ఉండాల్సిన చిన్న నిలువు గీత ఉందో లేదో తేలడం లేదు. పెద్దది చేసి చూస్తే ఉంది, మామూలు సైజులో లేదు. అయిదొందల కార్డులు అచ్చయ్యాక తేలే విషయం కాదది.

ఇలాంటి ఏర్పాటు ఇప్పుడు అరుదేమీ కాదు. 2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి ఉద్యోగం, ఆన్‌లైన్ పాఠాలు మొదలైనప్పుడు చాలా ఇళ్లలో ల్యాప్‌టాప్ పక్కకు టీవీ వచ్చి చేరింది. సెట్‌టాప్ బాక్సుకు కీబోర్డు, మౌస్ తగిలించి టీవీనే కంప్యూటర్‌గా వాడుకునే జియోపీసీ సేవను రిలయన్స్ జియో 2025లో తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగడంతో 43 అంగుళాల సెట్లు మరికొంత అందుబాటులోకి వచ్చాయి. ఒకే తెరతో రెండు పనులు జరిగితే మేలే. కాకపోతే టీవీకీ మానిటర్‌కూ పుట్టుకతో వచ్చిన స్వభావంలోనే తేడా ఉంది. అది తెలిస్తే పై మసకలో చాలా భాగాన్ని పైసా ఖర్చు లేకుండా వదిలించుకోవచ్చు. వదలని భాగమేదో కూడా ముందే తెలుస్తుంది.

మానిటర్ చేసే పని చాలా సరళం. కంప్యూటర్ పంపిన ప్రతి చుక్కనూ, అంటే పిక్సెల్‌నూ, తన అద్దం మీది ఒక్కో చుక్కలో చూపిస్తుంది. చుక్కకు చుక్క. టీవీ అలా కాదు. కేబుల్ చానల్, డీవీడీ, ఫోన్ ఏది ఏ సైజు బొమ్మ పంపినా కాదనకుండా తీసుకుని, అంచులు కత్తిరించి, తెర నిండేలా సాగదీసి, మెరుగులు దిద్ది చూపించడం దాని ధర్మం. మనిషి ముఖం, క్రికెట్ మైదానం ఈ సాగదీతను తట్టుకుంటాయి. ఒక చుక్క వెడల్పున్న గీతలతో తయారయ్యే అక్షరం తట్టుకోలేదు.

ముందు కత్తిరింపు సంగతి. దీన్నే ఓవర్‌స్కాన్ అంటారు. దూరదర్శన్ రోజుల్లో టీవీకి స్టెబిలైజర్ ఎందుకు పెట్టేవారో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వోల్టేజి పడిపోతే బొమ్మ నాలుగువైపులా కుంచించుకుపోయి చుట్టూ నల్లటి అంచు తేలేది. పిక్చర్ ట్యూబ్‌లో ఎలక్ట్రాన్ల ధార గీతలు గీస్తూ బొమ్మను కూర్చేది. విద్యుత్తు తగ్గినా, లోపలి భాగాలు పాతబడినా ఆ బొమ్మ సైజు మారిపోయేది. ఆ మార్పు కంటికి కనబడకుండా తయారీదారులు బొమ్మను ట్యూబ్ కన్నా కాస్త పెద్దగానే గీయించేవారు. అంచులు ఫ్రేము వెనక్కి పోయేవి. అవి పోతాయని తెలుసు కాబట్టి టీవీ కేంద్రాలు కూడా పేర్లను, వార్తల పట్టీలను తెర మధ్యకు జరిపి వేసేవి. 1982లో బ్రిటన్‌లో విడుదలైన సింక్లెయిర్ స్పెక్ట్రం కంప్యూటర్ ఇంటి టీవీ మీదే పనిచేసేది. అది 256 అడ్డం, 192 నిలువు చుక్కల బొమ్మను మధ్యలో పెట్టి చుట్టూ వెడల్పాటి పట్టీ వదిలేసేది. ఆ పట్టీ అలంకారం కోసం పెట్టింది కాదు, టీవీ మింగేయడానికి వదిలింది.

ఎల్‌సీడీ తెరకు ఈ బాధ లేదు. దాని చుక్కలు అద్దంలో స్థిరంగా ఉంటాయి, వోల్టేజికి కుంచించుకుపోవు. అయినా చానళ్ల బొమ్మల అంచుల్లో ఉండే చిందరవందరను దాచడానికి పాత అలవాటును కొత్త టీవీల్లోనూ కొనసాగించారు. ఈ కోత మొత్తం 5 శాతం అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. కంప్యూటర్ పంపేది 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలు. అందులో ఎడమ 48, కుడి 48, పైన 27, కింద 27 చుక్కలు పోతాయి. విండోస్ 10లో టాస్క్‌బార్ ఎత్తు మామూలుగా 40 చుక్కలు. 27 పోతే మిగిలేది 13. డీటీపీ సెంటర్‌లో కనిపించింది సరిగ్గా ఇదే. అంచు పోవడం కన్నా పెద్ద నష్టం మరొకటుంది. మిగిలిన 1824, 1026 చుక్కల బొమ్మను టీవీ మళ్లీ తెర నిండా సాగదీస్తుంది. అంటే తెర నడుమ ఉన్న అక్షరం కూడా చెడుతుంది. అంచు తెగిన చోట అక్షరం మసకబారడం కాకతాళీయం కాదు, రెండూ ఒకే రోగానికి లక్షణాలు.

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగుల్లో బొమ్మను కుదించే మీట ఉంటుంది. ఏఎండీలో అది HDMI Scaling పేరుతో, ఎన్‌విడియాలో Adjust desktop size and position పేరుతో కనిపిస్తుంది. దాన్ని జరిపితే టాస్క్‌బార్ తిరిగొస్తుంది, సమస్య తీరిందనిపిస్తుంది. నిజానికి కంప్యూటర్ బొమ్మను ఒకసారి కుదించింది, టీవీ దాన్నే మరోసారి సాగదీసింది. రెండు దెబ్బలు తిన్నాక అక్షరం మరింత మెత్తబడుతుంది. కంప్యూటర్‌లో ఆ కుదింపు సున్నాలో ఉండాలి. మందు వేయాల్సింది టీవీకి.

టీవీ మెనూలో ఈ సదుపాయానికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. ఎల్‌జీలో Just Scan, శాంసంగ్‌లో Screen Fit, సోనీలో Full Pixel, షార్ప్‌లో Dot by Dot. ఇవి బొమ్మ సైజు లేదా ఆస్పెక్ట్ రేషియో కింద దొరుకుతాయి. హెచ్‌డీఎంఐ సిగ్నల్ వస్తున్నప్పుడే కొన్ని సెట్లలో ఈ ఎంపిక వెలుగుతుంది, కాబట్టి కంప్యూటర్ ఆన్ చేశాకే వెతకాలి. దీంతోపాటు మరో చిన్న పని చేయాలి. ఇన్‌పుట్ల జాబితాలో ఆ హెచ్‌డీఎంఐ పేరును PC అని మార్చాలి. చూడటానికి ఇది చీటీ అంటించడంలాగే ఉంటుంది. కానీ శాంసంగ్, ఎల్‌జీ సెట్లలో ఆ పేరు చూశాకే టీవీ తన మెరుగుల్లో చాలావాటిని ఆపి, మానిటర్‌లా నడుచుకుంటుంది. మౌస్ కదిపిన కాసేపటికి బాణం గుర్తు కదిలే జాప్యం కూడా దీంతో తగ్గుతుంది.

ఫుల్ హెచ్‌డీ టీవీ అయితే కథ దాదాపు ఇక్కడితో సుఖాంతం. మన డీటీపీ సెంటర్‌కు మాత్రం ఇంకో ముడి మిగిలి ఉంది. ఆ 32 అంగుళాల సెట్టు మీద ఉన్నది హెచ్‌డీ రెడీ అనే ముద్ర. అలాంటి సెట్ల అద్దంలో సాధారణంగా ఉండేవి 1366 అడ్డం, 768 నిలువు చుక్కలే. దుకాణంలో అడిగితే ఫుల్ హెచ్‌డీ సపోర్ట్ చేస్తుందంటారు. అది అబద్ధం కాదు. 1080 సిగ్నల్‌ను అది తీసుకుంటుంది. తీసుకుని 768కి కుదించి చూపిస్తుంది. ఇంకా తమాషా ఏమిటంటే విండోస్ కూడా ఆ టీవీని 1920 × 1080 అని చూపించి, పక్కన Recommended అని రాస్తుంది. టీవీ తనకు ఇష్టమని చెప్పుకున్న సైజునే విండోస్ నమ్ముతుంది, అద్దంలోని చుక్కలను అది లెక్కపెట్టలేదు. కాబట్టి అసలు సంఖ్య కోసం చూడాల్సింది కొనుగోలు పెట్టె మీద గానీ మాన్యువల్‌లో గానీ ప్యానెల్ రిజల్యూషన్ అనే వరుసను.

ఈ 1366 అనేది ఇబ్బందికరమైన సంఖ్య. టీవీ ప్రసారాల సైజులు 1280 × 720, 1920 × 1080. ఈ రెండింటిలో ఏదీ దానికి సరిపోదు. 720 పంపితే ప్రతి 15 చుక్కలను 16 చుక్కలుగా సాగదీయాలి. ఒక చుక్క వెడల్పున్న నల్లగీత ఒకచోట అద్దంలోని చుక్క మీద సరిగ్గా పడి నల్లగా నిలుస్తుంది. కొంచెం పక్కన రెండు చుక్కల సరిహద్దు మీద పడి, చెరిసగం బూడిద రంగులో రెండు పలచటి గీతలుగా మారుతుంది. మళ్లీ 16 చుక్కల తర్వాత నల్లగా తేలుతుంది. రోగ నిర్ధారణకు ఇంతకన్నా మంచి గుర్తు లేదు. ఒకే వాక్యంలో ఒకే అక్షరం ఒకచోట పదునుగా, మరోచోట మసకగా ఉంటే తప్పు కళ్లద్దాలది కాదు. 1080 పంపితే ఇబ్బంది వేరు. అక్కడ ఏడు చుక్కలు దాదాపు అయిదు చుక్కల్లో ఇరుక్కోవాలి. ఒక చుక్క గీతకు ముప్పావు చుక్క చోటు కూడా దక్కదు, అది ఎక్కడా నిండు నలుపుగా ఉండదు.

తెలుగుకు ఈ దెబ్బ ఇంగ్లిష్ కన్నా గట్టిగా తగులుతుంది. 12 పాయింట్ల అక్షరానికి మామూలు విండోస్ తెర మీద దొరికే ఎత్తు 16 చుక్కలు. అందులోనే తలకట్టు, గుడి, కింద వత్తు అన్నీ సర్దుకోవాలి. 'ద'ను 'ధ' చేసే గీత వాటాకు వచ్చేది ఒక చుక్క వెడల్పు, రెండు మూడు చుక్కల పొడవు. 'ధ'ను 'థ' చేసేది, 'ర'ను 'ఠ' చేసేది లోపలి ఒక్క చుక్క. ఇంగ్లిష్‌లో అక్షరం కొంత చెదిరినా పదం ఆకారాన్ని బట్టి కన్ను చదువుకుపోతుంది. తెలుగులో ఆ చుక్క చెదిరితే మరో అక్షరమే అవుతుంది. ప్రూఫ్ చూసేవారికి ఇది చిన్న విషయం కాదు.

హెచ్‌డీ రెడీ సెట్టుకు దారులు రెండే. పాత టీవీ అయితే వెనక PC IN అనే నీలిరంగు వీజీఏ సాకెట్ ఉండవచ్చు. దాని ద్వారా చాలా సెట్లు 1360 × 768 సైజును తీసుకుంటాయి. 1366కు బదులు 1360 ఎందుకంటే, కంప్యూటర్ తెరల ప్రామాణిక లెక్కల్లో అడ్డం చుక్కలు ఎనిమిదితో భాగించబడాలి, 1366 అలా భాగించబడదు. అటు మూడు, ఇటు మూడు చుక్కలు నల్లగా మిగిలిపోతాయి. వాటితో ఎవరికీ పనిలేదు, మధ్యలో ఉన్నదంతా చుక్కకు చుక్క. నకిలీ పదునుతో మెరిసే హెచ్‌డీఎంఐ బొమ్మ కన్నా ఈ పాతకాలపు అనలాగ్ తీగ మీద అక్షరం శుభ్రంగా కనిపించడం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. విండోస్ జాబితాలో 1360 × 768 కనిపిస్తే హెచ్‌డీఎంఐలోనూ ప్రయత్నించవచ్చు, కొన్ని సెట్లు ఒప్పుకుంటాయి.

వీజీఏ లేదు, హెచ్‌డీఎంఐ ఒప్పుకోలేదు అనుకుందాం. అప్పుడు 1080లోనే ఉంచి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో Scale ను 150 శాతానికి పెంచడం ఉన్నంతలో మేలు. అక్షరంతోపాటు గీత కూడా లావెక్కుతుంది కాబట్టి టీవీ కుదించాక కూడా ఒక చుక్క నిలబడుతుంది. పేజ్‌మేకర్ వంటి పాత ప్రోగ్రాములు ఈ పెంపును సరిగా అందుకోవు. అక్కడ పేజీనే జూమ్ చేసుకుని ప్రూఫ్ చూడాలి. ఇది సర్దుబాటే గానీ పరిష్కారం కాదు. రోజంతా అక్షరాలతో పని ఉన్నవారు హెచ్‌డీ రెడీ టీవీని మానిటర్‌గా వాడకపోవడమే మంచిది.

దూరం లెక్క చూసినా ఇదే తేలుతుంది. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ తెరలో ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. సాధారణ చూపు ఉన్నవారికి ఆ చుక్కలు విడివిడిగా కనిపించకుండా ఉండాలంటే ఆరడుగుల దూరంలో కూర్చోవాలి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కు మూడడుగులు చాలు. బల్ల ముందు రెండడుగుల దూరంలో కూర్చుంటే ఆ టీవీ దోమతెరలా కనిపిస్తుంది. వెనక్కి జరిగితే అక్షరం చిన్నదై చదవలేం.

చుక్కకు చుక్క కుదిరాక కూడా అక్షరం కళ్లను గుచ్చుతుంటే చూడాల్సింది Sharpness మీట. పేరు చూసి దీన్ని పెంచేవారే ఎక్కువ. ఇది లేని వివరాన్ని తేలేదు. నలుపు తెలుపుల హద్దు దగ్గర ఓ మెరుపు గీతను అదనంగా గీసి పదును ఉన్నట్టు భ్రమ కల్పిస్తుంది. బూడిదరంగు పట్టీ మీద నల్లక్షరం ఉన్నచోట చూడండి. అక్షరం చుట్టూ తెల్లటి వెలుగు కనిపిస్తే మీట ఎక్కువైనట్టే. అది మాయమయ్యేదాకా తగ్గించాలి. చాలా సెట్లలో సరైన చోటు సున్నా, కొన్నింటిలో మధ్య అంకె. మరీ తగ్గిస్తే అక్షరం మెత్తబడుతుంది, అక్కడ ఆగి ఒకటి రెండు మెట్లు వెనక్కి రావాలి. అక్షరాల అంచుల్లో ఎర్ర, నీలి ఛాయలు ఉంటే విండోస్‌లో cttune అని టైప్ చేసి క్లియర్‌టైప్ సర్దుబాటును నడిపించాలి. కొన్ని టీవీల చుక్కల్లో రంగుల వరుస మానిటర్లకు తిరగేసి ఉంటుంది. ఆ సర్దుబాటు చూపే నమూనాల్లో కంటికి నచ్చింది ఎంచుకుంటే చాలు.

ఇదంతా సరిగా కుదిరిందో లేదో కంటి అంచనాకు వదిలేయాల్సిన పనిలేదు. నోట్‌ప్యాడ్‌లో ఈ ఒక్క వరుస రాసి test.html పేరుతో దాచి, బ్రౌజర్‌లో తెరిచి F11 నొక్కాలి. పరీక్ష జరిగేంతసేపు విండోస్ Scale, బ్రౌజర్ జూమ్ రెండూ 100 శాతంలో ఉండాలి.

```
<body style="margin:0;height:100vh;background:linear-gradient(90deg,#000 50%,#fff 50%) 0 0/2px 2px">
```

ఇది ఒక చుక్క నలుపు, ఒక చుక్క తెలుపు చొప్పున తెరంతా నిలువు గీతలు గీస్తుంది. చుక్కకు చుక్క కుదిరితే నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసినప్పుడు తెర మొత్తం ఒకే బూడిద రంగులో ఉంటుంది. ఎక్కడో సాగదీత జరుగుతుంటే చీర మీది జరీ పట్టెల్లా ముదురు, లేత పట్టీలు వరుసగా తేలతాయి. ఒక్కో సెట్టింగు మారుస్తూ ఈ పట్టీలు మాయమయ్యేదాకా చూస్తే చాలు.

4కే టీవీల దగ్గర కొలత సమస్య లేదు. 43 అంగుళాల 4కే తెర అంటే 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్లు నాలుగు, నడుమ ఫ్రేములు లేకుండా అతికించినట్టే. అంత తెర బల్ల మీద ఉంటే మూలలు చూడటానికి మెడ తిప్పాల్సి వస్తుందే తప్ప చుక్కల కొరత ఉండదు. అక్కడ చెడేది రంగు. మన కన్ను వెలుగులో తేడాను పట్టినంత సూక్ష్మంగా రంగులో తేడాను పట్టదు. దాన్ని ఆసరా చేసుకుని వీడియోలో వెలుగును ప్రతి చుక్కకూ విడిగా పంపి, రంగును మాత్రం నాలుగు చుక్కలకు ఉమ్మడిగా పంపుతారు. 4:2:0 అనేది ఆ పద్ధతి. తెల్ల కాగితం మీద నల్లక్షరానికి దీంతో ఇబ్బంది లేదు. నీలం మీద ఎర్రక్షరం మాత్రం తడిసిన సిరాలా పాకుతుంది. పసుపు మీద ఎరుపుతో వేసే పెళ్లిపత్రికల అంచులూ కొంత చెదురుతాయి.

దీనికి కారణం సాధారణంగా దారి ఇరుకు కావడమే. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 తీగ మీద 4కే బొమ్మ పూర్తి రంగుతో సెకనుకు 30 సార్లే వెళ్లగలదు. అందుకే కొన్ని పాత ల్యాప్‌టాప్‌లను 4కే టీవీకి తగిలిస్తే మౌస్ బాణం గెంతుతూ నడుస్తుంది. 2013 నాటి 2.0 ప్రమాణం 60 సార్లకు చోటిచ్చింది. కానీ కంప్యూటర్, కేబుల్, టీవీ సాకెట్ మూడూ దాన్ని మోయగలగాలి. టీవీ సాకెట్ మోయగలిగినా కొన్ని సెట్లలో ఆ దారి మూసి ఉంటుంది. శాంసంగ్‌లో Input Signal Plus, ఎల్‌జీలో HDMI Ultra HD Deep Colour, సోనీలో Enhanced format అనే పేర్ల కింద దాన్ని తెరవాలి. ఆపైన గ్రాఫిక్స్ సెట్టింగుల్లో రంగు పద్ధతి RGB గానో YCbCr444 గానో ఉందో లేదో చూడాలి. ఇక్కడ కూడా ఇన్‌పుట్‌కు PC అని పేరు పెట్టకపోతే, కంప్యూటర్ పూర్తి రంగు పంపినా టీవీ లోపలికి తీసుకున్నాక మళ్లీ తగ్గించేసే సెట్లు ఉన్నాయి.

కొనబోయేవారు ఇవన్నీ కాగితం మీద పోల్చుకోవడం కన్నా తమ ల్యాప్‌టాప్‌ను, కేబుల్‌ను సంచిలో వేసుకుని షోరూంకు వెళ్లడం సులువు. పై గీతల పేజీని ఓసారి, నీలం పట్టీ మీద ఎర్రక్షరాలతో రాసిన నాలుగు తెలుగు వాక్యాలను ఓసారి తెరిచి చూడటానికి పది నిమిషాలు పడుతుంది. దుకాణాల్లో డెమో కోసం నడిచే పూలు, జలపాతాల వీడియోలో ఈ లోపాల్లో ఒక్కటీ కనిపించదు.